సమ్మెకు దిగిన పిన్ను

పెళ్లికూతురి చెంప మీది మొటిమ తుడిచేయడం, పెళ్లికొడుకు వెనకున్న సున్నం గోడను మంచుకొండగా మార్చడం, ఏడ్చి ఎర్రబడ్డ తల్లి కళ్లను కాస్త తెల్లబరచడం. కోరుట్లలో ఒక ఫోటో స్టూడియోలో నా ఉద్యోగం అదే. డిగ్రీ చదివి ఫోటోలకు రంగులేస్తున్నావా అని ఇంట్లోవాళ్లు దెప్పేవాళ్లు. వేస్తున్నాను, అయితే ఏంటట? నాకు ఆ పని ఇష్టం. ఫోటోలో ఉండాల్సింది ఉంచి, అక్కర్లేనిది తీసేయడం చిన్న విద్యేమీ కాదని నేను అప్పుడూ వాదించేదాన్ని, ఇప్పుడూ వాదిస్తాను.

స్టూడియో యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు, నేనూ అంతే. ఆయన తండ్రి కూడా ఫోటోగ్రాఫరే. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. నన్ను బేటీ అనేవాడు గానీ, పని చెడితే ఆ పిలుపులోనే రెండు చెంపదెబ్బలు వినిపించేవి.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. ఎక్కడ రాస్తారోకో జరిగినా, ఎక్కడ రోడ్డు మీద వంటా వార్పూ పెట్టినా భాయ్ కెమెరా భుజాన వేసుకుని పోయేవాడు. ఆ ఫోటోలు ఇంటర్నెట్టులో ఒక ఫోటోల సైటులో ఆల్బమ్‌గా పెట్టేవాళ్లం. చూసేది ఎవరంటే గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు దుబాయి, మస్కట్ పోయిన మనిషి లేని వాడ ఎక్కడుంది? శుక్రవారం సెలవు రోజు కూలీలుండే క్యాంపుల్లో ఒకే కంప్యూటర్ చుట్టూ పదిమంది మూగి చూసేవాళ్లట.

ఆ సంవత్సరమే భాయ్ బామ్మర్ది దుబాయి నుంచి ఒక కొత్త ఫోను తెచ్చాడు. దాంతో ఫోటో తీస్తే, తీసిన చోటు కూడా ఫోటో ఫైలులోనే రాసిపెట్టుకునేది. బొమ్మ వెనకాల కంటికి కనబడకుండా కొన్ని సంగతులు ఉంటాయి: ఏ ఫోను, ఏ తేదీ, ఏ సమయం, జీపీఎస్ ఉంటే అక్షాంశం, రేఖాంశం కూడా. సైటు ఆ అంకెలు చదువుకుని ఫోటో పక్కన మ్యాపు చూపించి, దాని మీద ఎర్ర పిన్ను గుచ్చేది. భాయ్ పెద్ద కెమెరాకు ఆ తెలివి లేదు. అందుకే ఆల్బమ్‌కు మాత్రం ఫోనుతోనే తీసేవాళ్లం.

ఆ పిన్ను గల్ఫ్‌వాళ్లకు పిచ్చి పట్టించింది. పిన్ను మీద నొక్కి, మ్యాపు పెద్దది చేసి, అక్కడి నుంచి జరుపుకుంటూ జరుపుకుంటూ తమ ఇంటి కప్పు వెతుక్కునేవాళ్లు. గంభీరావుపేట మనిషి ఒకాయన ఫోను చేసి, "అమ్మా, మా బాయికాడి కొట్టం కనవడ్డదమ్మా" అని, బావి దగ్గరి పాక కనబడిన సంగతే నాలుగుసార్లు చెప్పాడు. ఊళ్లవాళ్లకు ఇంకో పట్టుదల. "బంద్ జేసింది మేము, పేరు పక్కూరోళ్లదా?" అని ఫోటో కింద ఊరి పేరు, మండలం పేరు, వీలైతే వాడ పేరు రాసేదాకా కదిలేవాళ్లు కాదు. పేరు రాయాలి, పిన్ను పడాలి. రెండూ ఉంటేనే ఆ ఊరు ఉద్యమంలో ఉన్నట్టు.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఉండిపోయాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు లేక కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మధ్యలో బతుకమ్మ వచ్చింది. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఆడవాళ్లు రోడ్డు మీదే బతుకమ్మ ఆడుతున్నారని కబురొస్తే, భాయ్ బండి మీద వెనక కూర్చుని నేనూ పోయాను. ఫోటోలకనే కాదు. అక్కడ అక్క ఉంది.

అక్క నాకు రక్తసంబంధం కాదు. మల్లాపూర్‌లో మా ఇంటి వెనక ఇల్లు వాళ్లది. నాకు జడ వేయడం నేర్పింది ఆమె, పాట నేర్పబోయి ఓడిపోయిందీ ఆమే. ఆమె గొంతెత్తితే బీడీలు చుట్టే చేతులు ఆగేవి. పెళ్లయ్యాక ఆ గొంతు నేను మళ్లీ వినలేదు. మొగుడు మస్కట్‌లో పనిచేసేవాడు. అతను సెలవు మీద వచ్చిన ప్రతిసారీ ఆమె ఒంటి మీద కొత్త మచ్చలు కనిపించేవి. ఇట్లా కొడుతున్నాడని పెద్దమనుషుల్లో పెడితే, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది బిడ్డా, సర్దుకో" అన్నారు. వాళ్ల కాళ్ల మీద పడితే తెలిసేది! చివరికి ఒకనాడు బిడ్డను ఎత్తుకుని కోరుట్ల వచ్చి, మా స్టూడియో మెట్ల మీద కూర్చుంది.

ఆ రోజు భాయ్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తంగళ్ళపల్లిలో తను పెళ్లి ఫోటోలు తీసిన ఇంటి పెద్దామెకు ఫోను చేసి ఒక గది మాట్లాడాడు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లకు కండెలు చుట్టే పని దొరికింది. అక్కడ ఉందని భాయ్‌కి, నాకు, ఆ వాడ ఆడవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె తల్లికి కూడా చెప్పలేదు. తల్లి ఇల్లు అత్తగారి ఊరికి కూతవేటు దూరం, పైగా ఆ తల్లి కడుపులో మాట దాగదు.

మొగుడు ఊరుకున్నాడా? ఎవడితోనో లేచిపోయిందని, పిల్లను ఎక్కడో వదిలేసిందని ఊరంతా చాటింపు వేశాడు. షార్జాలో ఉన్న ఆమె తమ్ముడికి కూడా ఫోనులో అదే నూరిపోశాడు. దొరికితే పిల్లను గుంజుకుపోతానని, తల్లిని ఏం చేస్తానో నోటితో చెప్పనని నలుగురిలో అన్నాడు. ఆ బతుకమ్మ నాటికి అతను సెలవు మీద ఊళ్లోనే ఉన్నాడు.

తంగళ్ళపల్లి రోడ్డు మీద ఆ సాయంత్రం నేను చూసింది వేరే మనిషిని. తంగేడు, గునుగు, బంతిపూలతో నిలువెత్తు బతుకమ్మను నడిరోడ్డు మీద నిలిపి, దాని చుట్టూ వాడంతా తిరుగుతోంది. మధ్యలో అక్క పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటున్నారు. పిల్ల తల్లి కొంగు పట్టుకుని తప్పుటడుగులతో చప్పట్లు కొడుతోంది. భాయ్ పెద్ద కెమెరాతో, రోడ్డు మీద ఆగిపోయిన లారీ ఎక్కాడు. ఫోను నా చేతిలో ఉంది. అక్క నోరు తెరిచి పాడుతున్న క్షణాన, బిడ్డ ఆమె వైపు తలెత్తి చూసింది. నొక్కాను.

తరవాత ఆ ఫోటో అక్కకు చూపించాను. ఫోనును రెండు చేతులతో పట్టుకుని చూస్తూనే ఉంది.

"గిది పెట్టు," అంది.

"ఎక్కడ?"

"మీరు పెడ్తరు గదా, దుబాయోళ్లు చూసేదాంట్ల. మా తమ్ముడు చూడాలె. అక్క లేచిపోలేదు, బిడ్డ కడుపునిండ తింటున్నదని వాని కండ్లతోని చూడాలె. వాడు చూస్తె అమ్మకు చెప్తడు."

"నేనే పోయి అమ్మకు చెప్తాను కదా."

"నువ్వు చెప్తె యాడున్నదో చెప్పుమని నీ మీద వడ్తరు. ఫోటో చెప్తె, ఫోటోను ఎవడు కొడ్తడే పిచ్చిదానా?"

"నీ ముఖం కనబడకుండా మసక చేయనా?"

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. "ముఖం ఎందుకు దాయాలె? నేనేం తప్పు జేసిన? ముఖం కనవడాలె. జాగ కనవడొద్దు. గంతే."

గంతే అన్నంత తేలిక కాదని తెలిసింది మర్నాడు కోరుట్లలో కంప్యూటర్ ముందు కూర్చున్నాకే.

ముందు నాకు వచ్చిన విద్య చూపించాను. ఫోటోలో వెనక ఒక కొట్టు బోర్డు ఉంది, దాని మీద ఊరి పేరుంది. ఆ బోర్డు చెరిపేసి గోడను అతికించాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఎవడి తరమూ కాదు కనిపెట్టడం. సంబరంగా భాయ్‌ని పిలిస్తే, ఆయన మెచ్చుకుని, "ఇల్లు అలకంగనే పండుగైతదా బేటీ? పిన్ను సంగతేంది?" అన్నాడు.

సైటులో దానికి ఒక ఏర్పాటు ఉంది. ఫోటో తీసిన చోటు ఎవరెవరికి కనిపించాలి అని అడుగుతుంది. అందరికీ, తెలిసినవాళ్లకు, నాకు ఒక్కదానికే. ఎవరికీ కనబడని పరీక్ష ఆల్బమ్ ఒకటి తెరిచి, అందులో ఈ ఫోటో ఎక్కించి, "నాకు ఒక్కదానికే" అని నొక్కాను. భాయ్ ఖాతాలోంచి చూస్తే మ్యాపు మాయమైంది. అయిపోయిందనుకున్నాం. చేయి ఊరుకోక, ఆ ఫోటోను సైటు నుంచి తిరిగి కంప్యూటర్‌లోకి దించి, ఫోటోషాప్‌లో ఫైలు వివరాలు తెరిచి చూశాను. అక్షాంశం, రేఖాంశం అక్కడే, చెక్కుచెదరకుండా కూర్చుని ఉన్నాయి. మనం మ్యాపును దాచాము గానీ ఫైలులోని రాతను దాచలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు మేమూ తాగబోయాం. ఎవడైనా ఆ ఫోటో దించుకుని ఆ అంకెలు మ్యాపులో కొడితే అక్క గది ముందుకు దారి చూపిస్తుంది.

"మళ్లా సేవ్ చెయ్యి," అన్నాడు భాయ్. వేరే పేరుతో సేవ్ చేశాను. తెరిచి చూస్తే అంకెలు అట్లాగే ఉన్నాయి. బోర్డు చెరిపినా పోవు, అంచులు కత్తిరించినా పోవు, పేరు మార్చినా పోవు. బొమ్మ వేరు, బొమ్మ వెనకాలి రాత వేరు. ఇంతలో కరెంటు పోయింది. నేను సమ్మెను, బొగ్గును, శాటిలైట్లను, ఫోను తెచ్చిన బామ్మర్దిని కలిపి తిట్టాను. భాయ్ నవ్వి ఇరానీ చాయ్ తెప్పించాడు.

కరెంటు వచ్చాక గుర్తొచ్చింది. ఇంటర్నెట్టులో పెట్టేందుకు ఫైలును తేలిక చేసి సేవ్ చేసే పద్ధతి మా పాత ఫోటోషాప్‌లో ఇంకొకటి ఉంది, సేవ్ ఫర్ వెబ్ అని. ఫైలు బరువు తగ్గించడానికి అది బొమ్మను ఉంచుకుని మిగతా రాతంతా వదిలేస్తుంది. దాంతో కొత్త నకలు చేశాను. వివరాలు తెరిచాను. ఫోను పేరు లేదు, తేదీ లేదు, సమయం లేదు, అంకెలు లేవు. గళ్లన్నీ ఖాళీ. ఆ నకలును సైటులో ఎక్కించి, మళ్లీ దించి, మళ్లీ చూశాను. ఖాళీ. ముందు ఎక్కించిన పరీక్ష ఫోటోను, ఆ ఆల్బమ్‌ను పూర్తిగా తీసేశాను. అసలు ఫోటోలు మాత్రం డీవీడీలో రాసి భాయ్ బీరువాలో పెట్టాం.

ఇక మిగతా ఫోటోలతో కలిపి ఆల్బమ్ పెట్టేద్దామని వరుసగా పేర్చి చూస్తున్నాను. ఒక్కసారిగా చేయి ఆగిపోయింది. అదే బతుకమ్మ, అదే లారీ, అక్క పక్కన ఉన్న అదే పచ్చచీర ఆమె పది ఫోటోల్లో ఉంది. ఆ పదింటికీ పిన్నులు ఉన్నాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పిన్నున్న ఫోటోల మధ్య పిన్ను లేని ఫోటో ఒకటి ఉంటే, అది తప్పించుకోవడం కాదు, వేలెత్తి చూపించడం.

"అన్నిటికీ తీసెయ్యాలె భాయ్," అన్నాను.

భాయ్ గడ్డం గోక్కున్నాడు. "తీసేస్తం. కానీ ఆ వాడ ఆడోళ్లు? వాళ్ల పేరు, వాళ్ల పిన్ను రావాలని గంత బతుకమ్మ పేర్చిన్రు. వాళ్లను అడగకుండ ఎట్ల తీస్తం?"

అది నిజం. నేను అక్కకు ఫోను చేసి విషయం చెప్పాను. అక్క గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"నా ఒక్కదాని కోసం వాడ పేరు తీసేస్తవా? వద్దు. ఎన్ని పూలు తెచ్చిన్రో నువ్వు చూసినవు గదా. నా ఫోటోనే తీసెయ్. తమ్మునికి ఇంకెట్లనన్న తెలుస్తది లే."

ఎట్లా తెలుస్తుంది? నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మొగుడు అబద్ధం ఊరంతా తిరుగుతుంటే, నిజం మాత్రం ఈమె కొంగు చాటున దాక్కోవాలా? ఏదో అనబోయేంతలో అవతల ఫోను ఎవరో లాక్కున్న చప్పుడు. గది ఇచ్చిన పెద్దామె.

"ఏందే పిల్లా, గీమె ఎందుకు ఏడుస్తున్నది? పిన్ను ఏంది, గోల ఏంది? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

చెప్పాను. ఫోటోల్లో వాడ చిరునామా కంటికి కనబడకుండా దాగి ఉందని, అది తీసేస్తే వాడ పేరు ఎక్కడా రాదని, తీయకపోతే అక్క మొగుడికి దారి దొరుకుతుందని. అవతల పదిమంది ఆడవాళ్లు ఒకేసారి మాట్లాడుకోవడం వినిపించింది. కరెంటు లేక సాంచెలు ఆగి ఉన్న రోజులు కాబట్టి ఒక్కొక్క మాట స్పష్టంగా వినబడింది. ఒకామె, "మా ఆయనకు చూపిస్తనని చెప్పిన గదా" అంది. ఇంకొకామె, "నీ మొగడు చూడకుంటె నీ మెడల తాళి ఏమన్న ఊడిపోతదా?" అని కసిరింది. నవ్వులు వినిపించాయి. తరవాత పెద్దామె మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"పేరు లేకపోతె ఏమాయె బిడ్డా. ఆడింది మేమే గదా. తీసెయ్, అన్నిటివి తీసెయ్. అగో, ఇంకోటి విను. మా వాడ మొగోళ్లు దుబాయిల లేరా? వాళ్లు ఆ ఫోటో చూసి 'గిది మా వాడ' అని రాస్తె ఏం జేస్తవ్?"

నిజమే, ఫైలులోంచి రాత తీసేయవచ్చు, మనుషుల కళ్లలోంచి వాడను తీసేయలేం కదా.

"గది మేము చూసుకుంటం," అంది పెద్దామె. "ప్రతి ఇంటికెల్లి ఫోను పోతది."

ఆల్బమ్‌లో ఒక్కొక్క ఫోటో వెనకాలి రాత తీసేశాను. ఫైళ్ల పేర్లలో తేదీ ఉంటే మార్చాను. కొట్ల బోర్డులు చెరిపాను. కింద ఊరి పేరు రాయలేదు. మూలన స్టూడియో ముద్ర మాత్రం, కోరుట్ల అన్న మాటతో సహా, ఎప్పటిలాగే ఉంది. వెతికేవాడు కోరుట్లకే రావాలని భాయ్ కావాలనే ఉంచాడు. శుక్రవారానికి ముందు ఆల్బమ్ అందరికీ తెరిచాం.

మొదటి వ్యాఖ్య చూడగానే దొరికిపోయామనుకున్నాను. దుబాయి నుంచి ఎవరో, "ఇది మా ఊరే!" అని రాశారు. కింద చూస్తే, "మా గంభీరావుపేట బతుకమ్మ" అని ఉంది. రాసింది ఎవరనుకున్నారు? పెద్దామె కొడుకు. దాని కింద పచ్చచీర ఆమె మొగుడు, "కాదు తమ్మీ, మల్లాపూర్ గిది, నాకు తెల్వదా" అని దబాయించాడు. అది చూసి నిజంగా గంభీరావుపేటవాళ్లు వచ్చి కొట్లాడారు, జగిత్యాలవాళ్లు దిగారు, కోరుట్లవాళ్లు ఊరుకుంటారా? సాయంత్రానికి ఆ బతుకమ్మ మా జిల్లాలో ఆడని ఊరు లేదు. నేనూ భాయ్ కంప్యూటర్ ముందు కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం.

ఆదివారం నా ఫోను మోగింది. షార్జా నంబరు. అక్క తమ్ముడు.

"పిల్ల మస్తు పొడుగైంది," అన్నాడు.

"అవును."

"అక్క పాడుతున్నది."

"అవును తమ్ముడూ."

"నాకేమో బావ ఇంకేదో చెప్పిండు. నేను నమ్మిన. నా చెప్పుతోని నన్ను కొట్టాలె." ఏడుస్తున్నాడు. "యాడున్నదని నేను అడుగ. నువ్వు చెప్పకు. జర ఆమెతోని ఒక్కసారి మాట్లాడియ్యి, గంతే."

మాట్లాడించాను. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను బయటికి పోయి నిలబడ్డాను. కానీ ఆ వారంలోనే అక్క తల్లి మా ఇంటికి వచ్చి, నా తల మీద చేయి పెట్టి, ఏమీ అడగకుండా, డబ్బా నిండా రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు ఇచ్చి పోయింది. ఎవరికని కూడా చెప్పలేదు. కడుపులో మాట దాగదనుకున్న మనిషి!

తమ్ముడు చూసిన ఫోటోను అక్క మొగుడు చూడకుండా ఉంటాడా? దసరా పోయిన కొన్నాళ్లకు వచ్చాడు. వెంట కంప్యూటర్ తెలిసిన చుట్టం ఒకాయన, చేతిలో పెన్‌డ్రైవ్. మూలన స్టూడియో ముద్ర చూసి నేరుగా మా దగ్గరికే వచ్చారు. నేను అతన్ని పెళ్లిలో చూసిందే. అతను నన్ను గుర్తుపట్టలేదు. ఆడపిల్లల ముఖాలు గుర్తుపెట్టుకునే రకం కాదు.

"గీ ఫోటో యాడిది?" అన్నాడు.

"మా స్టూడియోదే," అన్నాడు భాయ్, అద్దం తుడుచుకుంటూ.

"యాడ తీసిన్రని అడుగుతున్న."

"రోడ్డు మీద."

చుట్టం ముందుకొచ్చాడు. అతనికి సంగతి తెలుసు. "ఫైల్ల వివరాలుంటయి. నేను మా కాడ చూసిన, ఏం లేవు. మీ దాంట్ల తెరిచి చూపియ్యున్రి," అని పెన్‌డ్రైవ్ నా ముందు పెట్టాడు.

తెరవనంటే అనుమానం వస్తుంది. తెరిచాను. మౌసును గట్టిగా పట్టుకున్నాను. ఎన్నిసార్లు పరీక్షించుకున్నా ఆ క్షణంలో నమ్మకం ఉండదు. ఫైలు వివరాలు వచ్చాయి. ఖాళీ గళ్లు. చుట్టం కళ్లు చిట్లించి పై నుంచి కింది దాకా చూశాడు. పెళ్లిపత్రికలు చూడవచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా మా చుట్టూ చేరారు.

"మీ ముందటి ఫోటోలన్నిటికి పిన్నున్నది," అన్నాడు చుట్టం. "దీనికి ఎందుకు లేదు?"

భాయ్ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, తాపీగా చెప్పాడు.

"సమ్మె గదా భయ్యా. సార్లు సమ్మెల ఉన్నరు, బస్సులు సమ్మెల ఉన్నయి, బొగ్గు సమ్మెల ఉన్నది. పిన్ను కూడ సమ్మెల ఉన్నది."

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఒకాయన జై తెలంగాణ అన్నాడు. బయట చాయ్ తాగుతున్నవాళ్లు కూడా సంగతి తెలియకుండానే జై తెలంగాణ అన్నారు. మొగుడు ముఖం మాడిపోయింది. అంతమంది మధ్య ఏమనగలడు? పెన్‌డ్రైవ్ లాక్కుని దిగిపోయాడు. ముద్రలో ఉన్న పేరు పట్టుకుని కోరుట్ల వాడలన్నీ తిరిగాడట, వ్యాఖ్యల్లో పేరుందని గంభీరావుపేట దాకా పోయాడట. తంగళ్ళపల్లి పేరు మాత్రం ఎక్కడా లేదు. సెలవు అయిపోయి మస్కట్ విమానం ఎక్కాడని తెలిసిన రోజు నేను భాయ్‌కి చాయ్ తాగించాను.

ఆ తరవాత తమ్ముడు సెలవు మీద వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. వకీలును పెట్టాడు, కోర్టుకు తోడు పోయాడు. ఏడిపించిన వాయిదాలు, ఎండలో నిలబడ్డ రోజులు చాలానే ఉన్నాయి, అవి చెబితే ఇంకో కథ. చివరికి విడాకులు వచ్చాయి, పిల్ల తల్లి దగ్గరే ఉండాలని తీర్పు వచ్చింది. అక్క కండెలు చుడుతూనే కుట్టుమిషను నేర్చుకుని, పెద్దామె ఇంటి ముందరి గదిలో రైకలు కుట్టే కొట్టు పెట్టింది. పెద్దమనుషుల్లో ఒకాయన భార్య అక్కడే కుట్టించుకుంటుందని విన్నాను. కొలతలు తీసేటప్పుడు అక్క టేపు కాస్త బిగించి ఉంటే బాగుండునని నాకు పాపపు కోరిక.

తెలంగాణ వచ్చిన జూన్‌లో కోరుట్ల రోడ్లన్నీ గులాల్‌తో గులాబీరంగు తిరిగాయి. ఆ రోజుల్లోనే ఒక పొద్దున అక్క స్టూడియోకు వచ్చింది, బిడ్డను వెంటబెట్టుకుని. ఒకప్పుడు కూర్చుని ఏడ్చిన మెట్లను చకచకా ఎక్కి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ ఫోటో ఉన్నదా?"

"ఏ ఫోటో?"

"ఏ ఫోటో అంటదేంది, దొంగముఖం! అసలుది. పిన్నున్నది."

భాయ్ నవ్వుకుంటూ బీరువా తెరిచి డీవీడీ తీశాడు. అన్నేళ్లు అది ఆయన పెళ్లి ఆల్బమ్‌ల కింద భద్రంగానే ఉంది. కంప్యూటర్‌లో పెట్టి ఫోటో తెరిచాను. వివరాలు చూశాను. అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం, ఆ సాయంత్రం మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. చెరిపేసిన బోర్డు కూడా వెనక గోడ మీద ఊరి పేరుతో తయారు.

"గిది పెట్టు," అంది అక్క, మొదటిసారి అన్నట్టే. "పెద్దమ్మ ఇన్నేండ్లు నా కోసం వాడ పేరు మింగి కూసున్నది. వాడ పేరు రాయి. ఊరి పేరు రాయి. నా పేరు రాయి, నా బిడ్డ పేరు రాయి."

"మరి అతను చూస్తే?"

"చూడనియ్. వచ్చినా సరే. వాడంతా ఉన్నది, కోర్టు కాయితం ఉన్నది, తమ్ముడున్నడు. ఇగ నేను దాక్కునే దినం అయిపోయింది."

ఫోటో ఎక్కించాను. కింద పేర్లు బిడ్డే టైపు చేసింది, నాలుక కొరుక్కుంటూ, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. సైటు ఎప్పటి ప్రశ్నే అడిగింది: ఈ ఫోటో తీసిన చోటు ఎవరెవరికి కనిపించాలి? నా వేలు అలవాటుగా "నాకు ఒక్కదానికే" దగ్గరికి పోయి ఆగింది. వెనక్కి తిరిగి అక్కను అడిగాను.

"అందరికి," అంది అక్క.